రిగ్రెషన్ ఛానెల్: నాలుగేళ్ల వాడకం, ఒకే ఒక్క ఫిర్యాదు

చేత్తో ట్రెండ్‌లైన్లు గీసే రోజుల్లో నాకు నా గీతల మీదే నమ్మకం ఉండేది కాదు. అదే చార్ట్‌ని రెండు రోజులు వరసగా గీస్తే రెండు రకాలుగా వచ్చేది. చేతిలో షేర్లు ఉన్నప్పుడు, ధర తాకి ఆగినట్టు కనిపించే చోటికే గీత వెళ్లేది. ఆ బాధ పడలేకే లీనియర్ రిగ్రెషన్ ఛానెల్‌కి మారాను. క్లోజ్ ధరల మధ్యగా, ఒక్కో ధరకీ గీతకీ మధ్య నిలువు దూరాల వర్గాల మొత్తం అతి తక్కువ అయ్యేలా గీత పడుతుంది. ధరలు గీత నుంచి మామూలుగా ఎంత ఎడంగా ఉంటాయో చెప్పే కొలత స్టాండర్డ్ ఎర్రర్. గీతకి పైనా కిందా రెండేసి స్టాండర్డ్ ఎర్రర్ల దూరంలో బ్యాండ్లు. ఎవరు గీసినా, ఎన్నిసార్లు గీసినా, అవే రోజులు తీసుకుంటే అదే గీత. మొదటి ఏడాదంతా కనిపించిన ప్రతివాళ్లకీ దీని గురించే చెప్పాను.

ఇప్పుడు కూడా చెబుతాను, కానీ ఒక షరతు పెట్టి చెబుతాను. ఆ షరతు ఎక్కణ్నుంచి వచ్చిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

రెండో ఏడాదిలో ఒక షేరు నా దగ్గర ఉండేది. చక్కగా పైకి పోతున్న ఛానెల్. నా నియమం ఒక్కటే: క్లోజ్ కింది బ్యాండ్ దాటి పడితే మర్నాడు అమ్మేయాలి. ఒక రోజు ధర గట్టిగా పడింది. సాయంత్రం చార్ట్ తెరిచి చూస్తే క్లోజ్ ఇంకా బ్యాండ్ లోపలే ఉంది. సరే, ట్రెండ్ నిలిచే ఉంది అనుకున్నాను. మర్నాడు ఇంకాస్త పడింది, అయినా లోపలే. మూడో రోజూ అంతే. వారం గడిచేసరికి చేతిలో నష్టం మిగిలింది. చార్ట్ మీద మాత్రం ఒక్క రోజూ బ్యాండ్ తెగలేదు.

తర్వాత ఫోన్‌లో, పడడానికి ముందు రోజు తీసుకున్న స్క్రీన్‌షాట్ దొరికింది. దాన్ని పక్కన పెట్టుకుని చూస్తే విషయం అర్థమైంది. ఆ రోజు గీతని అలాగే ముందుకి పొడిగిస్తే, పడిన మొదటి రోజు క్లోజే కింది బ్యాండ్‌కి చాలా దిగువన ఉంది. నేను చూసిన ఛానెల్ ఆ ఛానెల్ కాదు. ప్రతి సాయంత్రం ఆ రోజు ధరని కూడా కలుపుకుని గీత మళ్లీ లెక్కకట్టుకుంటోంది. ఏ ధరని పట్టుకోవాలో, ఆ ధరే లోపలికి వచ్చి కూర్చుని గీతని తనవైపు వంచుకుంటోంది.

నమ్మకం కుదరక స్ప్రెడ్‌షీట్‌లో చిన్న లెక్క వేసుకున్నాను. ఐదు రోజుల క్లోజ్‌లు 100, 102, 101, 105, 107 అనుకోండి. రోజుల అంకెలు A లో, ధరలు B లో పెడితే ఈ రెండు ఫార్ములాలు చాలు:

```
=FORECAST(6, B1:B5, A1:A5)
=STEYX(B1:B5, A1:A5)
```

మొదటిది ఆరో రోజుకి గీత ఎక్కడ ఉంటుందో చెబుతుంది: 108.1. రెండోది స్టాండర్డ్ ఎర్రర్: సుమారు 1.3. అంటే ఆరో రోజు కింది బ్యాండ్ సుమారు 105.5. ఇప్పుడు ఆరో రోజు క్లోజ్ 101 అయిందనుకుందాం. బ్యాండ్‌కి నాలుగున్నర పాయింట్లు కింద, సందేహమే లేదు, తెగింది. కానీ ఆ 101ని కూడా ఆరో వరసలో చేర్చి, ఫార్ములాల్లో B5, A5 లని B6, A6 లుగా మార్చి మళ్లీ లెక్క కట్టండి. గీత 108.1 నుంచి 104.4కి దిగుతుంది. స్టాండర్డ్ ఎర్రర్ 1.3 నుంచి 2.7కి పెరుగుతుంది. కొత్త కింది బ్యాండ్ 99. మన 101 దర్జాగా లోపల ఉంది. గీత కిందికి రావడం ఒకటి, బ్యాండ్ వెడల్పు కావడం ఇంకొకటి, రెండూ కలిసి ఆ తెగిన గుర్తుని మాయం చేశాయి.

ఐదు రోజులు కాబట్టి ఇంత ఘోరంగా కనిపిస్తుంది. రోజులు పెరిగేకొద్దీ చివరి ధర లాగే బలం తగ్గుతుంది. n రోజులు తీసుకుంటే, చివరి రోజు దగ్గర గీత మీద ఆ రోజు ధరకి ఉండే వాటా (4n−2)/(n(n+1)). ఆరు రోజులకి అది సగానికి పైనే. 20 రోజులకి 18.6 శాతం, 100 రోజులకి 4 శాతం లోపు. నేను వాడేది ఇంచుమించు 20 రోజులు. అంటే ధర గీత నుంచి ఎంత దూరం పడినా, అందులో దాదాపు ఐదో వంతు గీతే దిగి సర్దేస్తోంది. వెడల్పు పెరగడం దానికి అదనం. ఒక్క రోజు పెద్ద పతనం అయితే ఇంత సర్దినా ఒక్కోసారి బయటపడుతుంది. రోజూ కొంచెం కొంచెం దిగే ధరే అసలు ప్రమాదం. గీత కూడా దానితో పాటే మెల్లగా తల వంచుతుంది.

ఇప్పుడు నేను చేసేది సులువే. ట్రెండ్ కుదిరిందనిపించిన రోజు ఛానెల్ చివరి తేదీని అక్కడే బిగించేసి, గీతల్ని కుడివైపుకి పొడిగిస్తాను. కొత్త ధరలు లెక్కలోకి వెళ్లవు, బయట నిలబడి పరీక్షకి వస్తాయి. బ్యాండ్ తెగితే తెగినట్టే కనిపిస్తుంది. పది పదిహేను రోజులకోసారి, అదీ బ్యాండ్ తెగకపోతేనే, తేదీ ముందుకి జరుపుతాను. మీ సాఫ్ట్‌వేర్‌లో చివరి తేదీ బిగించే వీలు లేకపోతే, పైన చెప్పిన స్ప్రెడ్‌షీట్ రోజుకి రెండు నిమిషాల పని.

మొదట్లో నేను పొగిడిన ‘ఎవరు గీసినా అదే గీత’ అన్న మాటని కూడా కాస్త సవరించుకోవాలి. అవే రోజులు తీసుకుంటే అన్నాను కదా, ఆ రోజులు ఎక్కడ మొదలుపెట్టాలన్నది ఇప్పటికీ నేను చూసి ఎంచుకుంటున్నదే. ధర అడుగున ఉన్న రోజు నుంచి మొదలుపెడితే వాలు నిటారుగా వస్తుంది, వారం ముందు నుంచి తీసుకుంటే చదునుగా వస్తుంది. అందుకే మొదలు తేదీని రెండు మూడు రోజులు అటూ ఇటూ జరిపి చూస్తాను. వాలు బాగా మారిపోతే ఆ ఛానెల్‌ని పక్కన పెట్టేస్తాను.

రెండు స్టాండర్డ్ ఎర్రర్లంటే 95 శాతం ధరలు లోపలే ఉంటాయన్న మాట కూడా నేను పట్టించుకోవడం మానేశాను. ఒక రోజు తేడాకీ మర్నాటి తేడాకీ సంబంధం లేకపోతేనే ఆ లెక్క నిలుస్తుంది. ధరలు అలా ఉండవు. గీతకి పైన ఉంటే వరసగా చాలా రోజులు పైనే ఉంటాయి.

ఇంకో చిన్న జాగ్రత్త. కొన్ని సాఫ్ట్‌వేర్లు ఇదే పేరుతో గీత నుంచి తేడాని కాకుండా, సగటు ధర నుంచి తేడాని కొలిచి బ్యాండ్లు వేస్తాయి. పై ఐదు ధరలకే ఆ కొలత 2.9 వస్తుంది, మనది 1.3. ట్రెండ్ ఎంత బలంగా ఉంటే ఈ తేడా అంత పెరుగుతుంది. కాబట్టి వెడల్పు దేన్నుంచి వస్తోందో ఒకసారి సెట్టింగ్స్‌లో చూసుకోండి.

నేను రోజుకి ఒక్కసారి, సాయంత్రం క్లోజ్ చూసుకుని నిర్ణయం తీసుకునేవాణ్ణి. చేతిలో నాలుగైదు షేర్లకి మించి ఉండవు. ఆ పద్ధతికి బిగించిన ఛానెల్ బాగా కుదిరింది, చేతి గీతలకి మళ్లీ వెళ్లలేదు. ఐదు నిమిషాల చార్ట్‌లతో రోజంతా కొని అమ్మేవాళ్లకి, తేదీ బిగించి మళ్లీ జరిపే తీరిక ఉంటుందో లేదో నేను చెప్పలేను.