ఎక్కాల పట్టికకు ఏ ఫార్ములా మేలు?

మా పాప ఎక్కాలు మొదలుపెట్టినప్పుడు ఎక్సెల్లో పట్టిక చేసి ఇద్దామనుకున్నాను. ఒకే ఫార్ములాతో వంద గడులూ నింపే దారులు మూడు కనిపించాయి. మూడింటిలోనూ అంకెలు సరిగ్గానే వస్తాయి. తేడా అంతా పిల్ల ఆ పట్టికను వాడటం మొదలుపెట్టాక తెలిసింది.

అన్నిటికన్నా పొట్టిది ఇది:

```
=ROW()*COLUMN()
```

ఖాళీ షీట్‌లో A1లో టైప్ చేసి J10 దాకా లాగితే చాలు, పట్టిక సిద్ధం. వరుస సంఖ్యను కాలమ్ సంఖ్యతో గుణించడమే దీని పని. కానీ పైన "పాప ఎక్కాలు" అని పేరు రాద్దామని ఒక వరుస చేర్చగానే అన్నీ ఒక మెట్టు జరిగి, మొదటి వరుస 2, 4, 6 అయిపోయింది. గడి షీట్‌లో ఎక్కడుందన్నదే దీనికి ఆధారం కాబట్టి పట్టికను కదిపితే విలువలు మారతాయి. ఒక్కసారి ప్రింట్ తీసి గోడకు అంటించడానికైతే ఇది చాలు.

రెండోదానికి పై వరుసలో B1 నుంచి K1 దాకా, పక్కన A2 నుంచి A11 దాకా 1 నుంచి 10 అంకెలు వేసుకోవాలి. తర్వాత B2లో ఇది రాయాలి:

```
=A2:A11*B1:K1
```

కొత్త ఎక్సెల్లో ఎంటర్ కొట్టగానే వంద గడులూ వాటంతటవే నిండుతాయి, లాగే పనే లేదు. చూడటానికి ముచ్చటగా ఉంటుంది. అయితే ఫార్ములా నిజంగా ఉన్నది B2లో మాత్రమే, మిగతా గడుల్లో ఉన్నది దాని నీడ. అందుకే ఒక్క గడిని విడిగా ఖాళీ చేయలేం. పాప ఏడు ఎనిమిదుల దగ్గర తన జవాబు టైప్ చేసింది. అంతే, పట్టిక మొత్తం మాయమై B2లో `#SPILL!` అని మిగిలింది. తనేదో పాడుచేశానని పాప బెదిరిపోయింది. అప్పుడే ఈ దారి వదిలేశాను.

మూడోది డాలర్ గుర్తులది. అంకెలు వేసుకునే చోట్లు అవే. B2లో:

```
=$A2*B$1
```

దీన్ని ముందు K2 దాకా పక్కకు, ఆ వరుసంతా ఎంచుకుని 11వ వరుస దాకా కిందకు లాగాలి. ఎడమ గుణకం ఎప్పుడూ A కాలమ్‌లోనే ఉండాలి కాబట్టి డాలర్ A ముందు వస్తుంది. పై గుణకం ఎప్పుడూ 1వ వరుసలోనే ఉండాలి కాబట్టి రెండో డాలర్ 1 ముందు వస్తుంది. టైప్ చేసేటప్పుడు F4 నొక్కితే డాలర్లు మారుతూ ఉంటాయి. A2 మీద మూడుసార్లు, B1 మీద రెండుసార్లు నొక్కాలి.

డాలర్లు మరిచిపోయి `=A2*B1` అని లాగితే వచ్చే తప్పు వెంటనే కంటికి ఆనదు. B2, C2, B3, C3 గడుల్లో 1, 2, 2, 4 సరిగ్గానే వస్తాయి. మొదటి వరుసలో ఆ పక్కనే 3 ఉండాల్సిన చోట 6, 4 ఉండాల్సిన చోట 24 వస్తాయి. ప్రతి గడీ అంచున వేసిన అంకెకు బదులు పక్క గడిలోని జవాబును గుణిస్తుంది కదా. రెండింటికీ పూర్తిగా డాలర్లు పెట్టి `=$A$2*$B$1` అంటే వంద గడుల్లోనూ 1 వస్తుంది. అందుకే లాగాక పక్కన ఖాళీ గడిలో `=SUM(B2:K11)` వేసి చూస్తాను. 3025 రావాలి, ఎందుకంటే 1 నుంచి 10 దాకా కూడితే 55, యాభై అయిదు యాభై అయిదులు 3025.

నా ఓటు ఈ మూడోదానికే. ఇందులో ప్రతి గడికీ తన సొంత ఫార్ములా ఉంటుంది, ఒకటి చెరిపితే మిగతావి చెక్కుచెదరవు. పాపకు కష్టమైన ఏడు, ఎనిమిది ఎక్కాల్లో గడులు ఖాళీ చేసి తననే నింపమంటాను. A2లో 1 తీసి 12 పెడితే ఆ వరుస మొత్తం పన్నెండో ఎక్కం అవుతుంది. పట్టిక పైన పేరు కోసం వరుస చేర్చినా ఫార్ములాలు తమంతట తామే సర్దుకుంటాయి.

జవాబులు దిద్దడానికి కూడా అదే ఫార్ములా పనికొస్తుంది. B2:K11 ఎంచుకుని కండిషనల్ ఫార్మాటింగ్‌లో ఈ నియమం పెట్టి ఎరుపు రంగు ఇవ్వండి:

```
=AND(B2<>"",B2<>$A2*B$1)
```

I8 గడిలో ఏడు ఎనిమిదులు 54 అని పాప రాస్తే గడి ఎర్రబడుతుంది. 56 అని దిద్దగానే రంగు పోతుంది. ఖాళీ గడి మాత్రం ఎర్రబడదు, మొదటి షరతు ఉన్నది అందుకే.