ఒకే టికెట్టా, రెండు విడి టికెట్లా? మొదటిసారి విమానం ఎక్కే మా చిన్నమ్మకు ఏది మేలు?

హనుమకొండలో ఉండే మా చిన్నమ్మ, చిన్నాయన ఇంతవరకు విమానం ఎక్కలేదు. షికాగోలో ఉన్న కూతురు మూడు టికెట్ల వివరాలు ఫోన్‌లో పంపి, ఏది తీసుకోవాలో చెప్పమంది. చిన్నమ్మ ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చింది. "రేట్లు సమజైనయి గని, ఈ లేఓవర్ ఏందిరా, ట్రాన్సిట్ ఏంది?" అని అడిగింది.

మొదటిది హైదరాబాద్ నుంచి దోహా మీదుగా షికాగోకు ఒకే టికెట్. మనిషికి 92 వేలు, దోహాలో లేఓవర్ గంటా 25 నిమిషాలు. రెండోదీ దోహా మీదుగానే, ఒకే టికెట్. లేఓవర్ 4 గంటలు, ధర 97 వేలు. మూడోది హైదరాబాద్ నుంచి ఢిల్లీకి ఒక టికెట్, ఢిల్లీ నుంచి షికాగోకు ఇంకో సంస్థలో ఇంకో టికెట్. రెండూ కలిపి 81 వేలే. చిన్నాయన కళ్ళు సహజంగానే మూడోదాని మీద పడ్డాయి.

ముందు ఆ మాటల సంగతి చూద్దాం. మంచిర్యాల నుంచి వచ్చి కాజీపేటలో దిగి, హైదరాబాద్ బండి కోసం ప్లాట్‌ఫాం మీద కూర్చున్నామనుకోండి. ఆ కూర్చునే సమయమే లేఓవర్. స్టేషన్ దాటి ఊళ్ళోకి పోకుండా లోపలే బండి మారితే మనం ట్రాన్సిట్‌లో ఉన్నట్టు. దోహాలో ఇదే జరుగుతుంది. ఖతార్ దేశంలోకి అడుగుపెట్టం, ఎయిర్‌పోర్టు లోపలే ఉంటాం, కాబట్టి ఆ దేశం వీసా అక్కర్లేదు. విమానం దిగాక 'ట్రాన్స్‌ఫర్స్' అన్న బోర్డు వెంట పోవాలి. అందరితో పాటు 'అరైవల్స్' వైపు పోతే బయటికి వెళ్ళే ఇమిగ్రేషన్ లైన్లో తేలతాం.

రెండు విడి టికెట్లంటే అలా కాదు. కాజీపేటలో దిగి, సామాను మోసుకుని బయటికొచ్చి, ఆటోలో వరంగల్ స్టేషన్‌కు పోయి, అక్కడ వేరే టికెట్‌తో వేరే బండి ఎక్కినట్టు. మొదటి బండి ఆలస్యమైతే రెండో బండివాడికి సంబంధం లేదు.

అసలు లెక్క బ్యాగేజీ దగ్గర తేలింది. బ్యాగేజ్ అలవెన్స్ అంటే టికెట్ ధరలోనే తీసుకెళ్ళనిచ్చే సామాను. అమెరికా టికెట్ల మీద మామూలుగా మనిషికి రెండు పెట్టెలు, ఒక్కోటి 23 కిలోలు. వాళ్ళ మూడు టికెట్లలోనూ అమెరికా ప్రయాణానికి అంతే రాసుంది. ఇది పెట్టెల లెక్క. ఒకదాంట్లో 28, ఇంకోదాంట్లో 18 పెట్టి మొత్తం 46 అయింది కదా అంటే కౌంటర్‌లో ఒప్పుకోరు, 28 ఉన్నదానికి అదనంగా వసూలు చేస్తారు. దేశంలోపల తిరిగే విమానాల్లో మాత్రం చెక్-ఇన్ సామాను, అంటే కౌంటర్‌లో అప్పగించేది, ఎక్కువగా 15 కిలోలే. మూడో టికెట్‌లో హైదరాబాద్-ఢిల్లీ ముక్కకు ఈ 15 కిలోల రూలే వర్తిస్తుంది. చిన్నమ్మ 46 కిలోలు తీసుకెళ్తే 31 కిలోలు ఎక్కువ. మేం చూసిన రోజు ఆ సంస్థ కిలోకు 600 అడుగుతోంది. అంటే మనిషికి 18,600. రెండో టికెట్ కంటే మిగిలేది 16 వేలు, సామానుకు కట్టేది 18,600. చిన్నాయన ఫోన్‌లో రెండుసార్లు లెక్క వేసి చూసుకున్నాడు.

కొన్ని సంస్థలు ఆ తర్వాత ఎక్కబోయే అంతర్జాతీయ విమానం టికెట్ చూపిస్తే దేశీయ విమానంలోనూ ఎక్కువ బరువు ఒప్పుకుంటాయి. కానీ అది కొనకముందే అడిగి, రాతలో తీసుకోవాల్సిన మాట. నేను ఒకసారి అడక్కుండా వెళ్ళి, కౌంటర్ ముందు పెట్టె విప్పి, రెండు కిలోల సకినాలు, ఒక దుప్పటి తీసి సాగనంపడానికి వచ్చినవాళ్ళ చేతిలో పెట్టాను.

పైగా ఢిల్లీలో ఆ సామాను బెల్టు మీద నుంచి తీసుకుని, మళ్ళీ చెక్-ఇన్ చేయాలి. దేశీయ విమానం టెర్మినల్ 1లో దిగితే, అంతర్జాతీయ విమానాలుండే టెర్మినల్ 3కి రోడ్డు మీద వెళ్ళాలి. డిసెంబరు, జనవరుల్లో పొగమంచుకు ఢిల్లీ విమానాలు ఆలస్యం కావడం కొత్తేమీ కాదు. అట్లా షికాగో విమానం తప్పిపోతే, రెండో సంస్థ లెక్కలో మనం రాని ప్రయాణికులం. టికెట్ డబ్బులు చాలావరకు పోయినట్టే. అదే ఒకే టికెట్ మీదైతే, మొదటి విమానం ఆలస్యమై రెండోది తప్పితే తర్వాతి విమానంలో సీటు చూపించాల్సింది సంస్థే.

మూడోది తీసేశాం. ఇక మొదటి రెండింటికీ తేడా 5 వేలు.

గంటా 25 నిమిషాలు అంటే వినడానికి బానే ఉంటుంది. విమానం ఆగి, తలుపు తెరిచి, వెనక సీట్లవాళ్ళు దిగేసరికి 20 నిమిషాలు. ట్రాన్స్‌ఫర్ దగ్గర మళ్ళీ సెక్యూరిటీ తనిఖీ, లైన్ ఉంటే ఇంకో 20. బోర్డింగ్ గేటు విమానం బయల్దేరే టైముకు కాదు, దానికి 20 నిమిషాల ముందే మూసేస్తారు. ఇక మిగిలింది 25 నిమిషాలు. అందులోనే స్క్రీన్ మీద గేటు నంబరు వెతకాలి, అక్కడిదాకా నడవాలి. అమెరికా విమానాలకు గేటు దగ్గర ఇంకోసారి పత్రాలు, బ్యాగులు చూడడం మామూలే. అలవాటున్నవాళ్ళు పరిగెత్తి అందుకుంటారు. మోకాళ్ళ నొప్పులున్న చిన్నమ్మకు అది టెన్షన్ తప్ప ఏం కాదు. అందుకే రెండోదే మేలన్నాను. దాంతోపాటు బుకింగ్‌లో వీల్‌చైర్ అడగమని వాళ్ళమ్మాయికి చెప్పాను. దానికి డబ్బు కట్టక్కర్లేదు. తోసుకెళ్ళే మనిషి తిన్నగా గేటు దాకా తీసుకెళ్తాడు, దారి వెతుక్కునే బాధ కూడా తప్పుతుంది.

చిన్నాయన ఇంకో చోట తప్పటడుగు వేయబోయాడు. టికెట్ మీద 12వ తేదీ, 03:50 అని ఉంది. ఆయన 12 రాత్రికి కారు మాట్లాడాడు. అది 11 అర్ధరాత్రి దాటాక వచ్చే 12. మూడు గంటల ముందు శంషాబాద్‌లో ఉండాలి, హనుమకొండ నుంచి జనగామ, ఘట్‌కేసర్ మీదుగా ఔటర్ ఎక్కి పోయేసరికి మూడున్నర గంటలు. దారిలో ఆలస్యానికి కాస్త వదిలి, 11న రాత్రి ఎనిమిదిన్నరకే కదలాలి.

సామాను సర్దేటప్పుడు ఆవకాయ సీసా చేతిసంచిలో పెట్టింది చిన్నమ్మ. సెక్యూరిటీ దగ్గర ఆపేస్తారని తీయించి, ప్లాస్టిక్ కవర్లో గట్టిగా చుట్టి చెక్-ఇన్ పెట్టెలోకి మార్చాం. పవర్ బ్యాంక్‌ది తిరగేసిన సంగతి, అది చేతిసంచిలోనే ఉండాలి. చికెన్ పచ్చడి మాత్రం ఇంట్లోనే వదిలేయమన్నాను, మన దగ్గర్నుంచి మాంసం వంటలను అమెరికాలోకి రానివ్వరు.

కౌంటర్ దగ్గర చూడాల్సింది ఒక్కటే చెప్పి పంపాను: పెట్టెకు కట్టే ట్యాగ్ మీద పెద్ద అక్షరాల్లో ORD అని ఉండాలి. అది షికాగో కోడ్. దోహా కోడ్ DOH అదే ట్యాగ్ మీద ఇంకోచోట ఉన్నా పర్లేదు. పెద్దగా DOH అనే ఉంటే పెట్టె అక్కడే దిగిపోతుంది, కౌంటర్ వదిలి కదలొద్దు. బోర్డింగ్ పాసులు కూడా మనిషికి రెండేసి తీసుకోవాలి, ఒకటి దోహాకు, ఒకటి షికాగోకు.

రాత్రి ఒంటిగంటన్నరకు ఫోన్ మోగింది. "ఓ, ఆర్, డీ. నాలుగు పెట్టెల మీద గదే ఉన్నది. మీ చిన్నాయనకు చాయ్ కావాల్నట, ఎక్కడ దొరుకుతది?" అని అడిగింది చిన్నమ్మ.