“సమర్పించండి” బటనా, “₹500 చెల్లించండి” బటనా?

బరంపురంలో ఆవకాయ, అప్పడాలు అమ్మే చిన్న ఆన్‌లైన్ దుకాణం ఉందనుకుందాం. అరకిలో ఆవకాయ సీసా ₹220. రాయగడ నుంచి ఒకరు రెండు సీసాలు ఎంచుకున్నారు: ₹440. డెలివరీ ₹60. ఆర్డర్ పేజీ చివర బటన్ మీద ఏం రాయాలి? రెండు పద్ధతులు చూద్దాం.

మొదటి పద్ధతిలో బటన్ మీద “సమర్పించండి” అని ఉంటుంది. నొక్కితే డబ్బు కట్ అవుతుందా, ఇంకో పేజీ వస్తుందా అన్నది తెలియదు. పైగా ఆ ₹60 తర్వాతి పేజీలో బయటపడుతుంది. కొనేవాళ్లలో చాలామంది వెనక్కి తిరిగేది అక్కడే.

రెండో పద్ధతిలో పిన్‌కోడ్ ముందే అడిగి, బటన్‌కి ఆనుకుని పైన “సరుకు ₹440 + డెలివరీ ₹60” అని చూపిస్తారు. బటన్ మీద “₹500 చెల్లించండి”. కింద ఒక్క వాక్యం: “సీసా పగిలితే ఫోటో పంపండి, డబ్బు తిరిగి ఇస్తాం.” పచ్చడి కొనేవాళ్ల అసలు భయం అదే కదా. ఆ మాట నిలబెట్టుకోగలిగితేనే రాయాలి.

నా ఓటు రెండోదానికే, కానీ అందులో ఒక చిక్కుంది. పిన్‌కోడ్ మార్చాక డెలివరీ ఖర్చు మారినా బటన్ మీది అంకె పాతదే ఉండిపోతే, బ్యాంకు పేజీలో వేరే మొత్తం కనిపిస్తుంది. అప్పుడు నమ్మకం మొదటి పద్ధతికన్నా ఎక్కువ పోతుంది. క్యాష్ ఆన్ డెలివరీ ఎంచుకుంటే “చెల్లించండి” అన్నదీ తప్పే. “ఆర్డర్ ఖాయం చేయండి” అని మారాలి, కింద “₹500 సరుకు అందాక ఇవ్వండి” అని రావాలి.

నెట్ నెమ్మదిగా ఉన్నచోట జనం రెండుసార్లు నొక్కుతారు. మొదటి నొక్కుకే బటన్ ఆగిపోయి “ఆర్డర్ నమోదవుతోంది…” అని చూపించాలి, లేకపోతే ఒకే ఆవకాయకి రెండు ఆర్డర్లు పడొచ్చు.