చిరగని పరాఠా: నాలుగేళ్లుగా పాటిస్తున్న పద్ధతిపై నా సమీక్ష

ఆలూ పరాఠా చిరగకుండా రావాలంటే పిండిని గట్టిగా కలపాలని నేను చాలాకాలం నమ్మాను. కూర బరువును మోయాలంటే పై పొర బలంగా ఉండాలి కదా అన్నది నా ఆలోచన. 250 గ్రాముల గోధుమపిండికి 140 మిల్లీలీటర్ల నీళ్లు మాత్రమే పోసి కలిపేదాన్ని, ప్రతిసారీ రెండు మూడు పరాఠాలైనా పీట మీదే పగిలి, కూర అప్పడాల కర్రకు అంటుకునేది. పిండి మెత్తదనాన్ని కూర మెత్తదనంతో సమానం చేయమని మా అత్తయ్య చెప్పాక పద్ధతి మార్చుకున్నాను. నాలుగేళ్లుగా దాదాపు ప్రతి వారం ఇలాగే చేస్తున్నాను కాబట్టి, దీని మంచిచెడ్డలు రెండూ చెప్పగలను.

కర్ర కింద పిండీ కూరా ఒకే వేగంతో పరుచుకోవాలి. పిండి గట్టిగా, కూర మెత్తగా ఉంటే, కూర ముందుగా అంచుల వైపు జారిపోయి, ఇంకా సాగని పొరను లోపలినుంచి నెట్టి చీలుస్తుంది. అందుకే ఇప్పుడు అదే 250 గ్రాముల పిండికి సుమారు 170 మిల్లీలీటర్ల నీళ్లు వాడుతున్నాను. అన్ని పిండ్లూ ఒకేలా నీటిని పీల్చవు కనుక ముందు 150 పోసి, మిగిలినవి కొద్దికొద్దిగా చేర్చడం మేలు. కలిపిన ముద్దను తడిగుడ్డ కప్పి అరగంట నాననిస్తే, పొట్టు నీటిని పీల్చుకుంటుంది, పిండిలోని జిగురు బిగువు తగ్గి సులభంగా సాగుతుంది. తొందరపడి ఈ అరగంటను పది నిమిషాలకు కుదించిన రోజుల్లో ఒత్తిన పరాఠా మళ్లీ వెనక్కి ముడుచుకుపోవడం, దాన్ని బలవంతంగా సాగదీయబోతే చిరగడం నేను చాలాసార్లు చూశాను.

కూర విషయంలో అసలు శత్రువు నీరు. బంగాళాదుంపలను తొక్కతోనే ఉడికించి, పూర్తిగా చల్లారాక తురమాలి. వేడిమీద మెదిపితే జిగటగా మారడమే కాక, లోపలి ఆవిరి పై పొరను తడిపి బలహీనపరుస్తుంది. ఉల్లిపాయ వేసేవారు చాలా సన్నగా తరగాలి, ఎందుకంటే చిన్న పలుకు కూడా కర్ర కింద కత్తిలా పనిచేస్తుంది. ఉప్పు కూరగాయల నుంచి నీటిని బయటికి లాగుతుంది కాబట్టి, దాన్ని సరిగ్గా ఉండలు చేయబోయే ముందు మాత్రమే కలుపుతాను. ముల్లంగికి మాత్రం దీనికి విరుద్ధంగా, తురుముకు ముందే ఉప్పు పట్టించి పావుగంట ఆగి గట్టిగా పిండేసి, ఆ నీటితోనే పిండి కలుపుతాను. అప్పుడు పిండిలో వేరే ఉప్పు వేయను.

పై కొలతకు ఏడు పరాఠాలు వస్తాయి. ఒక్కోదానికి 60 గ్రాముల కలిపిన పిండి, అంతే బరువు కూర. రెండు ఉండలనూ పక్కపక్కన పెట్టి బొటనవేలితో నొక్కితే, రెండింటిలోనూ గుంట ఒకే లోతుకు పడాలి. కూర ఎక్కువ మెత్తగా ఉంటే ఒక చెంచా వేయించిన శనగపిండి కలుపుతాను, పిండి గట్టిగా అనిపిస్తే తడిచేత్తో మరో నిమిషం పిసుకుతాను. తర్వాత పిండి ఉండను నడుమ మందంగా, అంచులు పలుచగా ఉండేలా గిన్నెలా చేసి, కూర పెట్టి, అంచులను కుచ్చిళ్లుగా దగ్గరికి తెచ్చి మూయాలి. పైన మిగిలిన ముడిని తుంచేయాలి, అలాగే నొక్కేస్తే అక్కడ గట్టి పిండి గడ్డ మిగిలి, పక్కనున్న పలుచని చోటు చిరుగుతుంది. మూసిన వైపు కిందికి పెట్టి ఐదు నిమిషాలు ఆగి, ముందు వేళ్లతో అంచులనుంచి అదిమి, ఆ తర్వాతే కర్రతో తేలిగ్గా ఏడు అంగుళాల వరకు ఒత్తుతాను.

పొరల పరాఠాకు ఇదే పిండి సరిపోతుంది కానీ, జాగ్రత్త వేరు. నెయ్యి గడ్డకట్టి ఉంటే దాని పలుకులే పలుచని రేకును చీలుస్తాయి, కాబట్టి కరిగించి, ఒక చెంచాకు మించకుండా రాసి, పైన పొడిపిండి చల్లుతాను. కుచ్చిళ్లుగా మడిచి చుట్టిన తర్వాత పావుగంట ఆగకుండా ఒత్తితే, చుట్ట విప్పుకుని అంచు ఊడివస్తుంది.

ఈ పద్ధతికీ హద్దులున్నాయి. పొట్టు ఎక్కువగా ఉన్న ముతక పిండితో ఎంత నానబెట్టినా చిన్న చిల్లులు పడుతూనే ఉంటాయి. జల్లించి వాడితే కొంత నయం. మెత్తటి పిండి కనుక ఒత్తినవాటిని ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు, అతుక్కుపోతాయి. ఒత్తేటప్పుడు చిల్లు పడితే అక్కడ చిటికెడు పొడిపిండి అద్ది, ఆ చోట కర్ర తగలకుండా చుట్టూ ఒత్తుతాను. పెనం బాగా వేడెక్కాకే వేయాలి. మంట తక్కువైతే పొర మెల్లగా ఎండి తిప్పేటప్పుడు పగులుతుంది. పైన చిన్న పొక్కులు కనబడగానే ఒకసారి తిప్పి, రెండో వైపు మచ్చలు పడేవరకూ అట్లకాడతో నొక్కకుండా ఉంటే, లోపలి ఆవిరి పొరను చీల్చకుండా నిదానంగా పొంగిస్తుంది. నూనె ఆ తర్వాతే వేస్తాను.