నాలుగేళ్లు బిట్‌లాకర్ వాడాక నా రివ్యూ: కీ పోలేదు, వేరేవాళ్ల అకౌంట్‌లో కూర్చుంది

నాలుగేళ్లుగా నా ల్యాప్‌టాప్‌లో బిట్‌లాకర్, అంటే డిస్క్ మొత్తానికి తాళం వేసే విండోస్ ఎన్‌క్రిప్షన్, ఆన్‌లోనే ఉంది, నిజం చెప్పాలంటే మొదటి మూడేళ్లు అది ఉందనే నాకు తెలీదు, ఎందుకంటే నేను ఆన్ చేయలేదు, విండోస్ సెటప్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అవ్వగానే డివైస్ ఎన్‌క్రిప్షన్ పేరుతో అదే ఆన్ అయిపోయింది. స్పీడ్ తగ్గినట్టు ఎప్పుడూ అనిపించలేదు, ఆ విషయంలో కంప్లైంట్ లేదు.

పోయినేడాది బయోస్ అప్‌డేట్ చేశా. రీస్టార్ట్ అయ్యాక నీలం స్క్రీన్, 48 అంకెల రికవరీ కీ కొట్టమంది. బూట్ అయ్యే పద్ధతిలో ఏదైనా మారితే, డిస్క్ తాళంచెవి దాచి ఉంచే టీపీఎం చిప్ దాన్ని ఇవ్వదు, అందుకే డిస్క్ బాగానే ఉన్నా అడుగుతుంది. సెక్యూర్ బూట్ లాంటి సెట్టింగ్ మీరే మార్చి ఉంటే ముందు దాన్ని పాత స్థితికి పెట్టి చూడండి, చాలాసార్లు కీ లేకుండానే లేస్తుంది. నాది బయోస్ ఫర్మ్‌వేరే మారింది కాబట్టి ఆ దారి లేదు.

ఫోన్‌లో account.microsoft.com/devices/recoverykey తెరిచా, ఒక కీ కనిపించింది, ఎగిరి గంతేసి 48 అంకెలూ కొట్టా, తప్పు అంది. మళ్లీ కొట్టా, మళ్లీ తప్పే. అరగంట కొట్టుకున్నాక గానీ నీలం స్క్రీన్ మీదున్న కీ ఐడీ చూడాలని తట్టలేదు. దాని మొదటి 8 అక్షరాలు, వెబ్‌సైట్‌లో ఆ కీ పక్కనున్న ఐడీ ఒకటే అయితేనే అది ఈ డ్రైవ్ కీ. నాకు దొరికింది పాత డెస్క్‌టాప్‌ది! ఈ ఒక్క విషయం ముందే తెలిసుంటే ఆ అరగంట మిగిలేది.

తర్వాత ఇల్లంతా గాలించా, ప్రింట్ తీసిన కాగితం ఉందేమో, పాత పెన్‌డ్రైవ్‌లో "BitLocker Recovery Key" అని మొదలయ్యే టెక్స్ట్ ఫైల్ ఉందేమో అని. ఆ ఫైల్ పేరులోనే కీ ఐడీ ఉంటుంది కాబట్టి తెరవకుండానే సరిచూసుకోవచ్చు. నాకేం దొరకలేదు. ఆఫీసు లేదా కాలేజీ అకౌంట్ కలిపిన మెషీన్ అయితే కీ సాధారణంగా వాళ్ల అకౌంట్లని నడిపే ఎంట్రా ఐడీలోనో యాక్టివ్ డైరెక్టరీలోనో ఉంటుంది, ఐటీ వాళ్లకి ఆ కీ ఐడీ చెప్తే తీసిస్తారు. నాది సొంత మెషీన్.

రాత్రి పడుకోబోతుంటే గుర్తొచ్చింది, కొత్తలో దీన్ని సెటప్ చేసింది మా తమ్ముడు, వాడి అకౌంట్‌తోనే! నా అకౌంట్ తర్వాత చేర్చాం. కీ వెళ్లేది మొదట అడ్మిన్‌గా సైన్ ఇన్ చేసినవాళ్ల మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి. ఫోన్ చేస్తే వాడు "అన్నయ్యా, ఇక్కడ మూడు కీలున్నాయి, నీదేది?" అన్నాడు. ఐడీ చదివా, రెండోది కలిసింది.

ఫోన్‌లో అంకెలు చెప్పించుకుంటే ఒక గుంపు దగ్గర అనుమానమొచ్చింది. ఈ కీలో 8 గుంపులు, ఒక్కోదాంట్లో 6 అంకెలు, ప్రతి గుంపూ 11తో నిశ్శేషంగా భాగించబడాలి. ఉదాహరణకి (నా కీ కాదులెండి) 314259ని 11తో భాగిస్తే సరిగ్గా 28569 వస్తుంది, అదే నేను 314529 అని రాసుకుంటే 6 మిగులుతుంది, అంటే ఆ గుంపులోనే తప్పు. నా నాలుగో గుంపు అలాగే మిగిలింది, వాడితో మళ్లీ చదివించుకున్నా, రెండంకెలు తారుమారు. సరిచేసి కొట్టగానే విండోస్ లేచింది.

లేవగానే మొదట చేసిన పని, అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది:

```
manage-bde -protectors -get C:
```

Numerical Password కింద ఐడీ, 48 అంకెలూ రెండూ చూపిస్తుంది, కాగితం మీద రాసి బీరువాలో పెట్టా. మెషీన్ తెరుచుకుని ఉన్నప్పుడే ఇది పని చేస్తుంది, లాక్ అయ్యాక ఐడీ తప్ప కీ రాదు. ఇప్పుడు బయోస్ అప్‌డేట్‌కి ముందు దీన్ని కొడుతున్నా, ఒక రీస్టార్ట్ వరకు రక్షణ ఆపి తర్వాత తనే మళ్లీ ఆన్ అవుతుంది:

```
manage-bde -protectors -disable C:
```

ఎక్కడా కీ దొరకకపోతే మాత్రం డేటా పోయినట్టే, మైక్రోసాఫ్ట్ సపోర్ట్ వాళ్లు కూడా కొత్త కీ తయారుచేసి ఇవ్వలేరు, డబ్బు కడితే తెరిచిపెడతామనే సాఫ్ట్‌వేర్లని అసలు నమ్మొద్దు. ఆ పరిస్థితిలో ఫార్మాట్ చేసుకుని ల్యాప్‌టాప్ వాడుకోవచ్చు గానీ పాత ఫైల్స్ రావు.

నాకు నచ్చనిది ఒకటే, ఇంత ముఖ్యమైన కీని ఎవరి అకౌంట్‌లో పెట్టిందో సెటప్‌లో గట్టిగా చెప్పదు. ఎన్‌క్రిప్షన్ మటుకు ఆపలేదు, ఈ ల్యాప్‌టాప్ నాతో బయట తిరుగుతుంది.