పొట్టి క్రాప్ ఫోటోలకు హెయిర్ కలర్ యాక్షన్ ప్యాక్ కొనేముందు జాగ్రత్త

ఫోటోషాప్‌లో జుట్టు రంగు ఒక్క క్లిక్‌తో మారుస్తామంటూ అమ్మే యాక్షన్ ప్యాక్ ఒకటి ఈమధ్య డబ్బు పెట్టి కొన్నాను. "ఏ జుట్టుకైనా పనిచేస్తుంది" అని అమ్మకం పేజీలో పెద్ద అక్షరాలతో రాశారు. నా చేతిలో ఉన్న పనేమో బాగా పొట్టిగా కత్తిరించిన నల్ల క్రాప్ ఫోటోలు. మిషన్ పెట్టి మూడు మిల్లీమీటర్లకు తీసేసిన జుట్టు, సందుల్లోంచి మాడు కనబడుతూ ఉంటుంది, చెవుల పైన ఫేడ్. దాన్ని రాగి రంగులోకీ, తర్వాత లేత బంగారు రంగులోకీ మార్చాలి. ఇలాంటి పని ఉన్నవాళ్లు ఎవరైనా ఆ తరహా ప్యాక్ కొనబోతుంటే, ముందు ఇది చదవండి. డబ్బు పోవడం ఒక ఎత్తు, క్లయింట్‌కి ఇచ్చిన మాట తప్పాల్సి రావడం ఇంకో ఎత్తు.

యాక్షన్ నడిపాక తెర మీద కనిపించింది రంగు మారిన జుట్టు కాదు. తలకి రాగి రంగు పెయింట్ పూసినట్టు వచ్చింది. వెంట్రుకలతో పాటు మాడు కూడా రంగెక్కింది. నుదుటి దగ్గర పలుచబడుతూ చర్మంలో కలిసిపోవాల్సిన జుట్టు ఒక గీత దగ్గర టక్కున ఆగింది. చెవి పైన ఫేడ్ ఉన్నచోట చర్మం నారింజ రంగుకి తిరిగింది. నడినెత్తి మీద సుడి దగ్గర చూస్తే అన్యాయం. అక్కడ వెంట్రుకలు గుండ్రంగా విచ్చుకుని మాడు తెల్లగా కనబడాలి. ఆ తెల్లదనం పూర్తిగా మాయమైంది.

లోపల ఏముందో చూద్దామని Actions ప్యానెల్‌లో ఆ యాక్షన్‌ని విప్పి ఒక్కో స్టెప్పు చదివాను. Select and Mask లోకి వెళ్లి తలని ఎంచుకోవడం, ఆ మాస్క్‌ని కొద్దిగా బ్లర్ చేయడం, పైన Hue/Saturation పెట్టి Colorize టిక్ చేయడం. ఇంతే. పొడవు జుట్టుకి ఇది కొంతవరకు నడుస్తుంది, ఎందుకంటే అక్కడ జుట్టు ఒక నిండు ముద్దలా ఉంటుంది, ఇబ్బంది అంతా బయటి అంచులో ఎగిరే పోచలతోనే. పొట్టి క్రాప్‌లో అసలు సమస్య బయటి అంచులో కాదు, లోపల ఉంది. తల మీద ప్రతి వెంట్రుక పక్కనా ఒక అంచు ఉంటుంది.

అది ఎంత చిన్న అంచో లెక్క వేసి చూడండి. ఆరు వేల పిక్సెళ్ల ఎత్తున్న మంచి పోర్ట్రెయిట్‌లో తల వెడల్పు సుమారు 1500 పిక్సెళ్లు వస్తుందనుకుందాం. తల వెడల్పు 15 సెంటీమీటర్లనుకుంటే మిల్లీమీటరుకి పది పిక్సెళ్లు. వెంట్రుక మందం మిల్లీమీటరులో పదో వంతు కూడా ఉండదు చాలామందికి. అంటే ఒక వెంట్రుక ఒక్క పిక్సెల్‌ని కూడా నింపదు. పలుచగా ఉన్నచోట దాదాపు ప్రతి పిక్సెల్‌లోనూ కొంత వెంట్రుక, కొంత మాడు కలిసే ఉంటాయి. అలాంటిచోట రెండు మూడు పిక్సెళ్ల బ్లర్ వేస్తే వెంట్రుకకీ మాడుకీ తేడా ఏం మిగులుతుంది?

అమ్మినవాళ్లకి ముందు, తర్వాత ఫోటోలు రెండూ పంపాను. "లేయర్ ఒపాసిటీ తగ్గించండి, సహజంగా కనిపిస్తుంది" అని జవాబు వచ్చింది. ఒపాసిటీ తగ్గిస్తే వెంట్రుక మీద రంగు ఎంత తగ్గుతుందో మాడు మీదా అంతే తగ్గుతుంది, రెండింటి మధ్య తేడా మాత్రం పెరగదు. ఆ మాట రాస్తే, "మీ ఫోటో మా ప్యాక్‌కి అనువైనది కాదు" అన్నారు, డబ్బు వెనక్కి ఇవ్వలేదు. ఏ జుట్టుకైనా అన్న మాట మాత్రం పేజీ మీద అలాగే ఉంది. నాకు కోపం వచ్చింది ఇక్కడే.

ఇప్పుడు అసలు పని ఎలా చేయాలో చెప్తాను. ఇది తెలిస్తే ఎవరు ఏం అమ్ముతున్నారో మీరే పసిగట్టగలరు.

మాస్క్ తల ఆకారం నుంచి కాదు, వెంట్రుకల నలుపు నుంచి రావాలి. నల్ల జుట్టు ఏ చానెల్‌లో చూసినా నల్లగానే ఉంటుంది. చర్మం మాత్రం Red చానెల్‌లో అన్నిటికంటే వెలుగుగా ఉంటుంది, అందుకే అక్కడ వెంట్రుకకీ మాడుకీ తేడా ఎక్కువ. ఆ చానెల్‌ని డూప్లికేట్ చేసి Ctrl+I కొడితే వెంట్రుకలు తెల్లగా, మాడు ముదురుగా వస్తాయి. Levels తో మాడుని నలుపులోకి నెట్టేస్తే మాస్క్ తయారు. జుట్టున్న భాగం బయట ఉన్నదంతా, కళ్లూ కనుబొమలూ సహా, నల్ల బ్రష్‌తో చెరిపేయాలి. నుదుటి దగ్గర మాత్రం ఆ బ్రష్ బాగా మెత్తగా, జుట్టుకి దూరంగా ఉండాలి. అక్కడ అంచుని మనం గీయకూడదు, వెంట్రుకలే నిర్ణయించాలి.

చిక్కు ఎక్కడొస్తుందంటే, తలకి ఒక పక్క వెలుగు, ఒక పక్క నీడ ఉంటుంది. నీడలో ఉన్న ఉత్త మాడు, వెలుగులో ఉన్న సగం వెంట్రుక దాదాపు ఒకే ముదురులో ఉంటాయి. అందుకని ఒకే Levels సెట్టింగ్ తల మొత్తానికీ సరిపోదు. ఫేడ్‌కీ నీడ పక్కకీ నేను Red చానెల్ ఇంకో కాపీ తీసి, Filter మెనూలో Other కింద ఉండే High Pass వేస్తాను, రేడియస్ పదిహేను పిక్సెళ్ల దగ్గర్లో. పెద్ద పెద్ద వెలుగునీడలు పోయి, పక్కపక్కనున్న వెంట్రుక, మాడు మధ్య తేడా ఒక్కటే మిగులుతుంది. తర్వాత ఇన్వర్ట్, Levels మామూలే. ఐతే ఇది జుట్టు దట్టంగా ఉన్న నడినెత్తి మీద పనికిరాదు. మాడే కనబడని చోట తేడా ఉండదు కాబట్టి మొత్తం బూడిదరంగు ముద్ద అయిపోతుంది. నడినెత్తికి మొదటి మాస్క్, పక్కలకి రెండోది, మధ్యలో మెత్తని బ్రష్‌తో కలపడం. ఏ యాక్షనూ ఈ గీత ఎక్కడ వెయ్యాలో తనంతట తాను తేల్చుకోలేదు, ఫోటో ఫోటోకీ మారుతుంది.

రంగుకి Colorize వాడకండి. నలుపు మీద అది దాదాపు కనిపించదు, కనిపించాలని పెంచితే మాడు మీద ముందు కనిపిస్తుంది. పై మాస్క్ ఉన్న గ్రూపులో ఒక Curves లేయర్ పెట్టి Red ని నీడల్లో బాగా పైకి, Green ని కొంచెం పైకి లేపి, Blue ని ముట్టుకోకుండా వదిలేస్తే రాగి రంగు వస్తుంది. వెంట్రుక 40, 40, 40 దగ్గర ఉంటే 110, 60, 40 దగ్గరికి తెచ్చాను నేను. మిషన్‌తో పూర్తిగా గొరిగేసిన చోట చర్మం కింద నీలంగా కనబడే నీడని అలాగే ఉంచాలి. నిజంగా డై వేసుకున్నా చర్మం లోపలున్న వెంట్రుకకి రంగు అంటదు కదా. ఆ నీలి నీడ ఉంటేనే చూసేవాళ్లకి నమ్మకంగా అనిపిస్తుంది.

రాగి, బుర్గండీ, ముదురు బ్రౌన్ వరకు ఈ దారిలో బాగానే వస్తాయి. లేత బంగారు రంగు దగ్గర కథ మారిపోతుంది. ప్యాక్ పేజీలో ఎక్కువగా ఊరించే రంగు కూడా అదే కాబట్టి దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మాడు వెలుగు 140, నల్ల వెంట్రుక 40 అనుకోండి. సగం వెంట్రుక, సగం మాడు ఉన్న పిక్సెల్ 90 ఉంటుంది. కొత్త వెంట్రుక 190 ఉండాలి. అప్పుడు ఆ సగం పిక్సెల్ 190కీ 140కీ మధ్యన, అంటే 165 దగ్గర ఉండాలి. ఇప్పుడు అదే పిక్సెల్ మీద సగం బలమున్న మాస్క్‌తో 190 రంగు వేస్తే 190కీ 90కీ మధ్య 140 వస్తుంది. 140 అంటే ఉత్త మాడు. సగం వెంట్రుకలన్నీ మాయమై, దట్టమైన చోట్ల మాత్రం బంగారు మచ్చలు మిగులుతాయి, జుట్టు ఊడిపోయిన తలలా కనిపిస్తుంది. కారణం ఏమిటంటే, పాత వెంట్రుక నలుపు ఆ పిక్సెల్‌లోంచి పోలేదు, దాని మీదే కొత్త రంగు పడింది. సరిగ్గా రావాలంటే ముందు నల్ల వెంట్రుకలన్నీ తీసేసి నున్నటి మాడుని కింద పెయింట్ చేసుకోవాలి, దాని మీద ఆ మాస్క్‌తో లేత వెంట్రుకలు వేయాలి. గంటల పని అది. పలుచటి క్రాప్ మీద దీన్ని ఒక్క క్లిక్‌లో చేసేస్తామని ఎవరన్నా అంటే నమ్మకండి.

ఇంకో సంగతి, ఫోటో ఎలా వచ్చిందన్నది కూడా ముఖ్యం. మెసేజింగ్ యాప్‌లో పంపిన జెపెగ్‌లలో సాధారణంగా రంగు సమాచారం నాలుగు పిక్సెళ్లకి ఒకటి చొప్పునే దాచి ఉంటుంది. వెలుగు వివరం ఉంటుంది గానీ, వెంట్రుక రంగూ మాడు రంగూ ముందే కలిసిపోయి ఉంటాయి. వీలైతే రా ఫైలు అడిగి తీసుకోండి.

కొనేముందు అమ్మకం పేజీలో ఉన్న శాంపిల్స్ చూడండి. అన్నీ పొడవు జుట్టు, గిరజాల జుట్టేనా? పొట్టి క్రాప్ ఒక్కటైనా ఉంటే చిన్న బొమ్మ చూసి సరిపెట్టుకోకుండా నూరు శాతం సైజులో ఇమ్మనండి. మీ ఫోటోలోంచే సుడి ఉన్న ముక్క ఒకటి, చెవి పైన ఫేడ్ ముక్క ఒకటి పంపి, వాళ్ల ప్యాక్‌తో లేత రంగు వేసి చూపించమని అడగండి. తిరిగొచ్చాక Color Sampler తో ఉత్త మాడు మీద ఒక చుక్క పెట్టి, ముందూ తర్వాతా అంకెలు Info ప్యానెల్‌లో పోల్చండి. ఒకటి రెండు అటూ ఇటూ అయితే ఫర్వాలేదు. మాడు మీద Red ఇరవై పెరిగి Blue తగ్గిందంటే వాళ్లు జుట్టుకి కాదు, తలకి రంగు వేస్తున్నారు. శాంపిల్ చేసి చూపించడానికే ఒప్పుకోకపోతే ఆ పేజీ మూసేయండి. డబ్బు కట్టాక నాకు దొరికిన సమాధానం "మీ ఫోటో అనువైనది కాదు" అన్నదే, ఆ మాటేదో కట్టకముందే వాళ్ల నోట చెప్పించండి.