నెల తప్పకముందు టెస్టా, తప్పాకా?

అమలాపురంలో మెడికల్ షాపు నుంచి ప్రెగ్నెన్సీ కిట్ తెచ్చుకున్నాక ఆగడం కష్టమే. కానీ పిండం గర్భాశయానికి అంటుకున్నాకే కిట్ పట్టే గర్భం హార్మోన్ హెచ్‌సీజీ పెరుగుతుంది, రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతూ. చాలా కిట్లు పట్టేది సుమారు 25 యూనిట్ల నుంచి. నెలసరికి నాలుగు రోజుల ముందు 8 ఉందనుకోండి: నెగటివే. రెండు రోజులకు 16, అప్పుడూ అంతే. నెలసరి రోజుకు 32, లేత గీత పడొచ్చు. అండం ఆలస్యంగా విడుదలైతే ఇదంతా ఇంకా ఆలస్యమవుతుంది.

నెల తప్పాక వారం ఆగడానికే నా ఓటు. తొందరైతే ఉదయం తొలి మూత్రంతోనే చూడండి; బోండాం నీళ్లు తాగాక చేస్తే పలచబడిపోతుంది.

కిట్‌పై రాసిన సమయంలోపు T దగ్గర గులాబీ రంగు కనిపిస్తే, ఎంత లేతగా ఉన్నా పాజిటివే. ఆ సమయం దాటాక తేలిన బూడిదరంగు చార ఆరిన మరక కావచ్చు. రెండు రోజులాగి కొత్త కిట్‌తో చూడండి. పాజిటివ్ వచ్చాక ఒకవైపు కడుపునొప్పి, రక్తస్రావం ఉంటే మాత్రం ఆగకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.